చివరి ఆర్డరు తేదీ కోసం ఇంటి ఎఫ్‌డీ తీయవద్దు

ప్రశ్న: మాది అనంతపురం. ఒక కంపెనీ బోరు మోటార్లకు డిస్ట్రిబ్యూటర్‌ని. బాగా పోయే 7.5 హెచ్‌పీ మోడల్‌ను ఆపేస్తున్నామని, ఈ నెల 25 చివరి ఆర్డరు తేదీ అని, దాని బదులు రెండు నెలల్లో కొత్త మోడల్ వస్తుందని కంపెనీ లెటర్ పంపింది. ఒకేసారి 60 తీసుకుంటే ఒక్కోదానిపై రూ.1,500 తగ్గించి రూ.30,000కే ఇస్తారట. నెలకు పది అమ్ముతాను, గోడౌన్‌లో 14 ఉన్నాయి. సరుకు మీద బ్యాంకు ఇచ్చే సీసీ అప్పు లిమిట్ నిండిపోయింది. ఇంటి అవసరాలకు దాచిన ఎఫ్‌డీ రూ.6 లక్షలు తీసి, నగల మీద రూ.6 లక్షలు, బయట రెండు రూపాయల వడ్డీకి రూ.6 లక్షలు తెచ్చి కొనాలనుకుంటున్నాను. సరైనదేనా?

జవాబు: వద్దండి. కంపెనీ నుంచి ఇలాంటి లెటర్ రాగానే దాన్ని తగ్గింపు అమ్మకాల ప్రకటనలా చదివి, చేతికి అందిన అప్పల్లా తెచ్చే వ్యాపారులను మన జిల్లాల్లో తరచూ చూస్తున్నాను కాబట్టే మీ ఉత్తరానికి వివరంగా జవాబు రాస్తున్నాను.

ముందు మిగులుతుందనుకుంటున్న సొమ్ము లెక్క చూద్దాం. అరవై మోటార్ల మీద మీకు దక్కే తగ్గింపు రూ.90,000. అయితే పాత 14 అమ్ముడుపోయాకే ఈ అరవైకి వంతు వస్తుంది. నెలకు పది చొప్పున చివరి మోటారు గోడౌన్ దాటేసరికి ఏడు నెలలు గడిచిపోతాయి. మీ డీలర్లు అందరిలాగే నెలన్నర అరువు వాడుకుంటారనుకుంటే, పెట్టిన ప్రతి రూపాయీ సగటున ఆరు నెలలకు గానీ తిరిగి రాదు. ఆ ఆరు నెలలకు బయటి అప్పు మీద వడ్డీ రూ.72,000 అవుతుంది. నగల అప్పు రూపాయి వడ్డీకే దొరికిందనుకున్నా రూ.36,000 కట్టాలి. ఎఫ్‌డీ మీద మీరు వదులుకునే వడ్డీ, ఏడు శాతం లెక్కన, మరో రూ.21,000. మొత్తం రూ.1,29,000. అంటే అన్నీ అనుకున్నట్టే జరిగినా, తొంభై వేల కోసం లక్షా ఇరవై తొమ్మిది వేలు ఖర్చు పెడుతున్నారు.

అన్నీ అనుకున్నట్టు జరగవు కూడా. కొత్త మోడల్ మార్కెట్లోకి దిగే నాటికి మీ దగ్గర ఇంకా 54 పాత మోటార్లు ఉంటాయి. అప్పటి నుంచి నెలకు పది అన్న లెక్క నిలవదు. కొన్నేళ్ల కిందట కడపలో ఒక వ్యాపారి గోడౌన్‌కు వెళ్లాను. గోడ పొడవునా పేర్చిన పెట్టెల మీద పాత మోడల్ స్టిక్కర్లు వెలిసిపోయి ఉన్నాయి. మోటారు కొనడానికి వచ్చిన రైతు ధర అడగకముందే వంగి నేమ్ ప్లేట్ మీద తయారీ నెల చదివి, కొత్తది వచ్చిందట కదా అన్నాడు. ఆ రైతు చూసింది సరైన చోటే. ఈ వ్యాపారంలో తరచూ కనిపించే వారంటీ షరతు ప్రకారం అమ్మిన తేదీ నుంచి 12 నెలలు, లేదా తయారైన తేదీ నుంచి 18 నెలలు, ఏది ముందు ముగిస్తే అంతవరకే వారంటీ. తయారై నాలుగు నెలలైన మోటారు మీ గోడౌన్‌లో మరో ఏడు నెలలు కూర్చుంటే రైతుకు మిగిలే వారంటీ ఏడు నెలలే. మధ్యలో మోటారు కాలిపోతే రైతు వచ్చి నిలదీసేది మీ డీలర్‌ను, డీలర్ ఫోన్ చేసేది మీకు.

బ్యాంకు వైపు కూడా ఒక చిక్కుంది. నెలనెలా మీరిచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో నిర్ణీత కాలం దాటిన సరుకును, చాలా చోట్ల 90 రోజులు దాటినదాన్ని, మీరు సీసీలో ఎంత వాడుకోవచ్చో తేల్చే డ్రాయింగ్ పవర్ లెక్కలోకి బ్యాంకు తీసుకోదు. కాబట్టి కదలని మోటార్లు ఇప్పటికే నిండిన మీ సీసీని ఇంకా కుదిస్తాయి. సరిగ్గా అప్పుడే కొత్త మోడల్ కొనడానికి మీకు డబ్బు కావలసి వస్తుంది.

ఇక ఆ ఆరు లక్షల ఎఫ్‌డీ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మన సీమలో బోరు మోటార్ల వ్యాపారానికి వానతో రెండు వైపులా చిక్కే. వానలు బాగా పడితే బోర్లు నిలబడతాయి, కొత్త మోటారు అడిగేవారు తగ్గుతారు. వానలు ముఖం చాటేస్తే మోటార్లు కావాలని వస్తారు గానీ, వేరుశనగ చేతికి రాని రైతు డీలర్‌కు బాకీ పెడతాడు, డీలర్ మీకు పెడతాడు. రెండు సందర్భాల్లోనూ మీ ఇంటికి నెలనెలా రావలసిన డబ్బు ఆగుతుంది. అప్పుడు పిల్లల ఫీజు, ఆసుపత్రి ఖర్చు, ఇంటి సరుకులు నడిపించేది ఆ ఎఫ్‌డీ ఒక్కటే. దాన్ని మోటార్లుగా మార్చి గోడౌన్‌లో పెట్టి, నగలను కూడా తాకట్టులో ఉంచాక, ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో చేరితే మీరు వెళ్లేది మళ్లీ ఆ రెండు రూపాయల వడ్డీ దగ్గరికే. ఏడాదికి నూటికి 24 రూపాయలు పడే అప్పుతో, కంపెనీ తయారీ ఆపేసిన సరుకు కొనడం వ్యాపారం కాదు. ఈ మాట మీకు నచ్చకపోయినా చెప్పడం నా బాధ్యత.

చేయవలసింది ఏమిటంటే, కంపెనీ మీకు పంపిన సమాచారాన్ని మీరు వెంటనే మీ డీలర్లకు పంపండి. కల్యాణదుర్గం, ఉరవకొండ, తాడిపత్రి, గుత్తి, మీరు సరుకు వేసే ప్రతి ఊరికీ ఒకే రోజు, రాతపూర్వకంగా వెళ్లాలి. కంపెనీ గడువు 25 కనుక మీ గడువు 20గా పెట్టండి. ఆ అయిదు రోజులు ఆర్డర్లు కూడి లెక్క చూసుకోవడానికి కావాలి. ఇలా రాస్తే చాలు: "7.5 హెచ్‌పీ పాత మోడల్ తయారీని కంపెనీ నిలిపివేస్తోంది. మా వద్ద చివరి ఆర్డరు తేదీ ఈ నెల 20. నాలుగో వంతు అడ్వాన్సుతో వచ్చిన ఆర్డర్లనే తీసుకుంటాము. ఈ సరుకు తిరిగి తీసుకోబడదు. దీని స్థానంలో రానున్న మోడల్ వివరాలు, ధర కంపెనీ ఖరారు చేయగానే తెలియజేస్తాము." అడ్వాన్సు అన్న మాట చేర్చగానే నోటిమాటగా ఇరవై కావాలన్నవారు నాలుగుకు దిగుతారు. ఆ నాలుగే నిజమైన గిరాకీ.

కొత్త మోడల్ వచ్చే రెండు నెలలకు ఇరవై, అది ఆలస్యమైతే మరో నెలకు పది, వెరసి ముప్పై మోటార్లు చాలు. పద్నాలుగు మీ దగ్గరే ఉన్నాయి, అంటే కొనవలసింది పదహారు. తగ్గింపు లేకుండా రూ.31,500 చొప్పున రూ.5,04,000 అవుతుంది. ఇది మీరు ఎలాగూ నెలనెలా కొనే సరుకే కాబట్టి, ఆర్డరు 25 లోపు పెట్టి సరుకును రెండు విడతలుగా పంపమని అడగండి. డీలర్ల అడ్వాన్సులు, రావలసిన బాకీల వసూళ్లు దీనికి సరిపోవాలి. సరిపోకపోతే పదహారును పన్నెండు చేయండి.

ఆర్డరు పెట్టే ముందు లెటర్‌ను మరోసారి చదవండి. చివరి ఆర్డరు తేదీ వేరు, చివరిసారి సరుకు పంపే తేదీ వేరు. రెండోది రాసి లేకపోతే ఈమెయిల్‌లో అడిగి తెప్పించుకోండి. పాత మోడల్ ధర తగ్గిస్తే మీ దగ్గరున్న సరుకుకు క్రెడిట్ నోట్ ఇస్తారా, ఇంపెల్లర్లు, బుష్‌లు ఎన్నేళ్లు సరఫరా చేస్తారు, కొత్త మోడల్ పాత స్టార్టరుకు, పాత కేబుల్‌కు, పాత పైపు సైజుకు సరిపోతుందా అనేవి కూడా అందులోనే అడగండి. స్టార్టరు మార్చవలసి వస్తే రైతుల్లో కొందరు కొంతకాలం పాతదే అడుగుతారు. అలాంటప్పుడు మీ పదహారును ఇరవై చేసినా నాకు అభ్యంతరం లేదు.

గోడౌన్ సరుకుకు అగ్నిప్రమాద బీమా ఎంత మొత్తానికి ఉందో చూసుకోండి. నగలు బీరువాలోనే ఉండనివ్వండి. ఎఫ్‌డీ గడువు తీరితే దానంతటదే రెన్యువల్ అయ్యేలా బ్యాంకులో సూచన ఇచ్చి, నామినీగా మీ శ్రీమతి పేరు ఉందో లేదో అప్పుడే సరిచూసుకోండి.