సరుకు హైదరాబాద్ దాటలేదు, అయినా ఐజీఎస్టీనా?

*హైదరాబాద్‌లో ప్రింటర్ల షాపు మాది. బిల్లులు ఎక్సెల్‌లోనే చేస్తాం. విజయవాడ డీలరు ఒకరు ప్రింటరు కొని, కూకట్‌పల్లిలో ఉన్న తన కస్టమరుకు నేరుగా పంపమన్నారు. డెలివరీ అడ్రసు చూసి మా షీటు సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ వేసింది. డీలరు ఆ బిల్లు వద్దంటున్నారు. తప్పెవరిది?*

మీ షీటుదే. మామూలుగా సరుకు ప్రయాణం ఎక్కడ ముగిస్తే అదే సరఫరా స్థలం. కానీ కొన్నవారు ఒకరై, వాళ్లు చెబితే మీరు ఇంకొకరికి పంపినప్పుడు చట్టం డెలివరీ అడ్రసును పట్టించుకోదు. సరుకు కొన్న డీలరుకే అందినట్టు లెక్క. ఆయన ప్రధాన వ్యాపార స్థలం విజయవాడ కాబట్టి సరఫరా స్థలం ఆంధ్రప్రదేశ్. మీది తెలంగాణ. రెండు రాష్ట్రాలు వేరు కాబట్టి ఐజీఎస్టీ పడుతుంది.

ప్రింటరు ధర 20,000 అనుకుందాం. 18 శాతం పన్నును 1,800 చొప్పున రెండుసార్లు వేసినా, ఒకేసారి 3,600 వేసినా బిల్లు 23,600కే వస్తుంది. మరి ఆయనకెందుకు టెన్షన్? సరఫరా స్థలం తెలంగాణ అని ఉంటే ఆంధ్రా డీలరుకు ఆ 3,600 క్రెడిట్ రాదు. ఆయన జీఎస్టీఆర్-2బిలో ఆ బిల్లు క్రెడిట్ దక్కనివాటిలో కనిపిస్తుంది.

షీటులో A2లో మీ రాష్ట్ర కోడ్ 36, C2లో కొన్నవారి జీఎస్టీ నంబరు, D2లో మూడో మనిషికి డెలివరీ అయితే Y, E2లో డెలివరీ రాష్ట్ర కోడ్ పెట్టండి. B2లో సరఫరా స్థలం, F2లో పన్ను ఇలా వస్తాయి:

```
B2: =IF(D2="Y",LEFT(C2,2),E2)
F2: =IF(A2=B2,"CGST+SGST","IGST")
```

ఒక చిన్న చిక్కుంది. జీఎస్టీ నంబరు మొదట్లోంచి LEFT తీసిచ్చే రాష్ట్ర కోడ్ 37 ఎక్సెల్‌కు అంకె కాదు, అక్షరాలు. A2లో 36ను నంబరుగా కొడితే కొన్నవారు తెలంగాణ వాళ్లే అయినా రెండూ ఎప్పటికీ కలవవు, ఐజీఎస్టీయే వస్తుంది. మా స్నేహితుడి షాపులో నెలంతా ఇలాగే పోయింది. A, E కాలమ్‌లను ముందుగా Text ఫార్మాట్‌లోకి మార్చి, కోడ్‌లు ఆ తర్వాత కొట్టండి.

రిటర్ను ఇంకా వేయకపోతే బిల్లు సరిచేసి ఇస్తే చాలు. వేసేసి ఉంటే జీఎస్టీఆర్-1లో సవరించి, ఐజీఎస్టీ 3,600 మళ్లీ కట్టాలి. దానిపై వడ్డీ పడదు. మొదట కట్టిన రెండు పన్నులను రిఫండ్ అడగొచ్చు, ఐజీఎస్టీ కట్టిన రోజు నుంచి 2 ఏళ్ల లోపు.

ఈ ఫార్ములాకు దొరకనిది ఒకటుంది. ప్రత్యేక ఆర్థిక మండలిలోని యూనిట్‌కు అమ్మితే, అది హైదరాబాద్‌లోనే ఉన్నా అంతర్రాష్ట్ర సరఫరానే. అలాంటి కస్టమర్లకు F2ను చేత్తో మార్చుకోండి.