‘ఒప్పుకున్నాడు’ అని రాసే ముందు

విశాఖపట్నం

అమ్మలూ,

జిల్లా డెస్కులో నీకు క్రైం కాపీలు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. అచ్చుతప్పులు దిద్దడం నీకు వచ్చు. నేను చెప్పేది వాక్యం చివర కూర్చునే మాట గురించి. మన భాషలో క్రియ చివర వస్తుంది. ఎవరో అన్నదాన్ని నమ్మాలా, అనుమానించాలా అన్నది పాఠకుడు అక్కడే తేల్చుకుంటాడు. తేల్చిపెట్టేది మాత్రం డెస్కు.

ఒక కాపీ తీసుకుందాం. ఊరు మనదే, సంగతి నేను కల్పించింది. ఫిషింగ్ హార్బర్‌లో జెట్టీకి కట్టిన మరపడవలోంచి 200 లీటర్ల డీజిల్ పోయింది. పోలీసులు ఓ కుర్రాణ్ణి పట్టుకుని సాయంత్రం ప్రెస్ నోట్ ఇచ్చారు. కంట్రిబ్యూటర్ పంపిన కాపీ ఇదనుకో:

“హార్బర్‌లో డీజిల్ దొంగ పట్టుబడ్డాడు. నిందితుడు నేరం ఒప్పుకున్నాడు. గతంలోనూ మూడు బోట్లలో చోరీ చేసిన విషయాన్ని సీఐ వెల్లడించారు. తన కొడుకు ఆ రాత్రి ఊళ్లోనే లేడని తల్లి చెప్పుకొచ్చింది. జెట్టీపై సీసీ కెమెరాలు పనిచేయడం లేదని బోటు యజమాని ఆరోపించారు.”

ఇలాంటి కాపీ ముట్టుకోకుండా పేజీకి వెళ్లిపోతుంది, ఎందుకంటే చెవికి ఎక్కడా తగలదు.

ముందు ‘ఒప్పుకున్నాడు’ చూడు. ఈ మాటలో రెండు తీర్పులున్నాయి. ఒకటి, జరిగిందన్నది నిజం. రెండు, అది తప్పు. ‘డిగ్రీ చదివానని ఒప్పుకున్నాడు’ అంటే నవ్వొస్తుంది, చదవడం తప్పు కాదు గనక. అంటే ఆ ఒక్క క్రియతో పత్రికే అతన్ని దొంగగా తేల్చేసింది. పైగా ఒప్పుకుంటుంటే విన్నదెవరు? మన కంట్రిబ్యూటర్ కాదు, పోలీసులు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడికి వ్యతిరేకంగా రుజువుగా వాడకూడదని పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పేది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో అదే మాట 23వ సెక్షన్‌లో ఉంది. కోర్టు లెక్కలోకి తీసుకోని మాటను మనం ఇంట్రోలో పెడుతున్నామన్నమాట. మేజిస్ట్రేట్ నమోదు చేసే వాంగ్మూలం వేరు, దాని పద్ధతి వేరు. కాపీలో ఆ రెండూ కలిసిపోకుండా చూడు.

దీన్ని దిద్దాలంటే ఎవరు ఎవరితో అన్నారో రెండు మెట్లుగా విప్పాలి: “చోరీ తానే చేసినట్లు విచారణలో నిందితుడు చెప్పాడని సీఐ తెలిపారు.” వాక్యం కాస్త బరువవుతుంది, కానివ్వు. ‘ఒప్పుకున్నారు’ వాడదగ్గ చోటు లేకపోలేదు. మనిషి తనకే నష్టం కలిగే మాటను తన నోటితో అన్నప్పుడు, దాన్ని మన విలేకరి స్వయంగా విన్నప్పుడు వాడొచ్చు. ఒక అధికారి ప్రెస్‌మీట్‌లో ‘ఆలస్యం మా వల్లే జరిగింది’ అంటే అది ఒప్పుకోవడమే. దాని బదులు ‘అంగీకరించారు’ వేసేటప్పుడు చూసుకో, దానికి సమ్మతించడమనే అర్థం కూడా ఉంది. ‘కూల్చివేతకు అంగీకరించారు’ అంటే తప్పు ఒప్పుకోవడం కాదు, సరేనన్నారని.

తర్వాతది ‘వెల్లడించారు’. దాగి ఉన్న నిజాన్ని బయటికి తీయడం వెల్లడి. పరీక్ష సులువు. వాక్యం వెనక ‘కానీ అది అబద్ధమని తేలింది’ అని తగిలించి చదువు. ‘సీఐ చెప్పారు, కానీ అది అబద్ధమని తేలింది’ నిలబడుతుంది. ‘సీఐ వెల్లడించారు, కానీ అది అబద్ధమని తేలింది’ అంటే కాలికి రాయి తగిలినట్లుంటుంది. ఇలా కాలికి అడ్డం తగిలే క్రియ ఏదైనా సరే, చెప్పినదానికి పత్రిక పూచీ పడుతున్నట్లే. ‘గుర్తుచేశారు’, ‘బయటపెట్టారు’ కూడా ఈ బాపతే.

క్రియ ఒక్కటే కాదు, దాని ముందున్న ముక్క కూడా చూడాలి. ‘చోరీ చేశాడని’ అంటే అది చెప్పినవాడి మాట. ‘చోరీ చేసినట్లు’ అంటే మనం ఇంకో అడుగు దూరం జరిగాం. ‘చోరీ చేసిన విషయాన్ని’ అంటే మాత్రం జరిగిందని మనమే ఖాయం చేసి, ఆ తర్వాత సీఐ పేరు తగిలించాం. అప్పుడు చివర ‘తెలిపారు’ పెట్టినా లాభం లేదు, ముందే ముడి పడిపోయింది. కాపీలో ‘విషయాన్ని’ కనబడినప్పుడల్లా ఆగు. నాకు ఈ మాటంటేనే పడదు. పది చోట్ల తీసేస్తే తొమ్మిది చోట్ల వాక్యం బాగుపడుతుంది.

తల్లి దగ్గరికి రా. ‘చెప్పుకొచ్చింది’ మన ఇళ్లల్లో తప్పు మాట కాదు, ఉన్నదంతా వరసగా చెప్పిందని అర్థం. వార్తలో పడేసరికి ‘కట్టుకథ చెప్పింది’ అని ధ్వనిస్తుంది. పక్కనే సీఐ ‘వెల్లడించారు’ ఉండటంతో ఎవరిని నమ్మాలో పాఠకుడికి చెప్పేసినట్లయింది. క్రియల చివర్లు కూడా చూశావా? సీఐకి ‘రు’, బోటు యజమానికి ‘రు’, తల్లికి ‘ది’. నిందితుడికి ‘డు’ వాడటం చాలా పత్రికల్లో అలవాటు, నీ ఒక్కదాని వల్ల అది మారకపోవచ్చు. కానీ ఆ తల్లి మీద కేసేమీ లేదు. ఆమెకీ ‘తెలిపారు’ వెయ్యి.

ఇక ‘ఆరోపించారు’. ఒకరి మీద రుజువుకాని తప్పు మోపినప్పుడే ఇది. కెమెరాలు పనిచేయడం లేదన్నది ఆరోపణ కాదు, వెళ్లి చూస్తే తేలిపోయే సంగతి. కంట్రిబ్యూటర్‌కి ఫోన్ చేసి చూసి రమ్మను. చూశాక ఆరోపణ అక్కర్లేదు, ‘కెమెరాలు పనిచేయడం లేదు’ అని మనమే రాసుకోవచ్చు. నిజంగా ఆరోపణే అయితే ఎవరి మీదో వాళ్ల వివరణ అదే కాపీలో ఉండాలి. ‘ఆరోపించారు’ అని తగిలించినంత మాత్రాన పరువునష్టం కేసు నుంచి తప్పించుకుంటామని అనుకోకు, అచ్చువేసిన బాధ్యత మనదే.

ఇంగ్లిష్ ఏజెన్సీ కాపీ వచ్చినప్పుడు ఇంకో చిక్కు. అక్కడ ‘క్లెయిమ్డ్’ అని ఉంటే, ‘రుజువు మేం చూడలేదు’ అని అర్థం. మనవాళ్లు దాన్ని ‘ప్రకటించారు’ చేసేస్తారు, అనుమానం కాస్తా అధికారిక ప్రకటన అయిపోతుంది. ‘అంటున్నారు’, ‘చెబుతున్నారు’ దానికి దగ్గర. ‘స్టేటెడ్’కి ‘పేర్కొన్నారు’ సరిపోతుంది, అదీ కాగితం మీద ఉన్నప్పుడే. ఎఫ్ఐఆర్‌లో పేర్కొంటారు, టీకొట్టు దగ్గర ఎవరూ పేర్కొనరు.

అన్నీ దిద్దితే కాపీ ఇలా తేలుతుంది:

“ఫిషింగ్ హార్బర్‌లో బోటు నుంచి 200 లీటర్ల డీజిల్ చోరీ కేసులో ఓ యువకుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. ఈ చోరీతో పాటు గతంలో మరో మూడు బోట్లలోనూ డీజిల్ తీసినట్లు విచారణలో అతను చెప్పాడని సీఐ తెలిపారు. ఆ రాత్రి తన కొడుకు ఊళ్లో లేడని తల్లి తెలిపారు. జెట్టీపై సీసీ కెమెరాలు పనిచేయడం లేదు.”

మూడు పాత చోరీల మాట సీఐకి కుర్రాడే చెప్పాడా, పాత కేసులున్నాయా అన్నది కంట్రిబ్యూటర్‌ని అడిగి తెలుసుకోవాలి. కేసులుంటే ఎఫ్ఐఆర్‌లు ఉంటాయి, అప్పుడు ఆ వాక్యం వేరుగా రాయాలి.

హెడ్డింగ్ ఆఖర్న చూడు. చోటు చాలక మొదట పోయేది ‘తెలిపారు’, దాంతోపాటు ఎవరన్నారన్నది కూడా పోతుంది. ‘డీజిల్ దొంగ అరెస్టు’ బదులు ‘డీజిల్ చోరీ కేసులో యువకుడి అరెస్టు’ అంటే సింగిల్ కాలమ్‌లో మూడు లైన్లవుతుంది, పట్టించు.

వరసగా రెండుసార్లు ‘తెలిపారు’ వచ్చిందని పేజీ ఇన్‌చార్జి గొణిగితే, ఒకదాన్ని ‘చెప్పారు’ చెయ్యి. ‘ఉద్ఘాటించారు’ జోలికి మాత్రం వెళ్లకు.

చిన్నాన్న