బిల్లు మీది నంబర్ చూస్తే కంపెనీ రకం తెలుస్తుంది

ప్రశ్న: గుంటూరులో మాకు మిర్చి వ్యాపారం. అరువు అడుగుతున్న సంస్థ బోర్డు మీద 'లిమిటెడ్' అని ఉంది. అది ప్రైవేటా, పబ్లికా, ఒక్కరి కంపెనీయా? ఎలా తేల్చుకోవాలి?

బోర్డు వదిలేయండి, బిల్లో లెటర్‌హెడ్డో అడగండి. కంపెనీ అయితే దానిమీద CIN అనే 21 అక్షరాల కంపెనీ గుర్తింపు నంబర్ ఉండి తీరాలి, చట్టం అది. ఊరికే ఒక నమూనా:

```
U12345AP2019PTC012345
```

AP రాష్ట్రం, 2019 పుట్టిన సంవత్సరం. మీకు కావాల్సింది ఆ తర్వాతి మూడక్షరాలు: PTC అంటే ప్రైవేట్, PLC అంటే పబ్లిక్, OPC అంటే ఒక్కరి కంపెనీ. మొదటి U చూసి ప్రైవేట్ అనుకునేవాళ్లు చాలామంది. అది షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్ట్ కాలేదని మాత్రమే చెబుతుంది. పబ్లిక్ కంపెనీకీ U ఉండొచ్చు.

ప్రైవేట్‌కి ఇద్దరి నుంచి 200 మంది దాకా వాటాదారులు, పబ్లిక్‌కి కనీసం ఏడుగురు. ఒక్కరి కంపెనీలో వాటాదారు ఒక్కరే, వారసుడిగా ఒక నామినీ.

కాగితం మీద నంబర్ ఎవరైనా అచ్చేయించుకోవచ్చు కదా! అందుకని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్ mca.gov.in లో కంపెనీ మాస్టర్ డేటా తెరిచి ఆ CIN కొట్టండి. పేరు, చిరునామా కలవాలి. స్టేటస్ Active ఉండాలి. Strike Off అని వస్తే రిజిస్టర్ నుంచి పేరు కొట్టేశారన్నమాట, అరువు ఇవ్వకండి.

CIN లేదంటే జీఎస్టీ నంబర్‌లో ఆరో అక్షరం చూడండి, ఆ నంబర్ లోపలే పాన్ ఉంటుంది. C అయితే కంపెనీ. P ఉంటే అది ఒక మనిషి సొంత పాన్. బోర్డు మీద 'లిమిటెడ్' ఉత్తదే.