లాడ్జి గదిలో దొరికిన వెండి భరిణె ఎవరిది?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. నేను విశాఖపట్నంలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక లాడ్జిలో హౌస్‌కీపింగ్ చేస్తున్నాను. సింహాచలం చందనోత్సవానికి వచ్చిన పెద్దవాళ్లిద్దరు ఖాళీ చేసిన గదిలో దుప్పట్లు మారుస్తుంటే, తలగడ గలీబులోంచి చిన్న వెండి కుంకుమ భరిణె జారిపడింది. మూత మీద ఒక పేరు, ఊరు చెక్కి ఉన్నాయి. లోపల కుంకుమ అంటుకున్న పాత ఫొటో ఉంది. అప్పటికి సూపర్‌వైజర్ వెళ్లిపోయారు, పోతుందేమోనని ఇంటికి తెచ్చాను. మర్నాడు చెబితే, "ఎవరూ అడగలేదు కదా, మూడు నెలలు చూసి నువ్వే ఉంచుకో, రాయడం ఎందుకు" అన్నారు. నాలుగు రోజులైంది. మా ఆయనేమో మళ్లీ ఆ గదిలోనే మంచం కింద పెట్టేసి రమ్మంటున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. నా మీద దొంగతనం కేసు పెడతారా? మూడు నెలల తర్వాత అది నాదవుతుందా?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన సలహా సంగతి తేల్చేద్దాం. ఆ పని మాత్రం చేయకండి. ఈ నాలుగు రోజుల్లో ఆ గదిలో వేరేవాళ్లు దిగి ఉంటారు. భరిణె ఇప్పుడు అక్కడ కనబడితే అనుమానం వాళ్ల మీదికి పోతుంది, లేదా వరండాలో కెమెరా ఉంటే మీ మీదికే వస్తుంది. తెచ్చిన వస్తువును చాటుగా తిరిగి పెట్టడమంటే, తేవడం తప్పని మీకు ముందే తెలుసునని మీరే సాక్ష్యం ఇచ్చినట్టు.

ఇవాళ్టి వరకు మీరు చేసింది నేరం కాదు. దొరికిన వస్తువును సొంతదారుకు అప్పగించాలని, లేదా పోకుండా కాపాడాలని తీసుకుంటే చట్టం తప్పు పట్టదు. భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ వివరణలోనే ఈ మాట ఉంది. 2024 జులై 1కి ముందు ఇదే ఐపీసీ 403. అయితే ఆ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఇచ్చారు, అది మీరు వినాలి. ఒకాయన జేబులోంచి పర్సు పడిపోయింది. వెనకాల వస్తున్నాయన తిరిగిచ్చేద్దామనే తీశాడు. తర్వాత మనసు మారి వాడుకున్నాడు. అతను నేరం చేసినట్టే. అంటే తీసినప్పుడు మంచి ఉద్దేశం ఉంటే చాలదు, అది చివరిదాకా ఉండాలి. శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు జైలు, జరిమానా.

ఇక మూడు నెలల మాట. అది కొన్ని లాడ్జీలు తమ సౌకర్యం కోసం పెట్టుకున్న లెక్క, చట్టం కాదు. సొంతదారు ఎవరో తెలుసుకునే వీలున్నా ప్రయత్నం చేయకుండా వస్తువును వాడుకుంటే అదే నేరమని 314 చెబుతుంది. బీచ్‌లో ఇసుకలో ఉంగరం దొరికితే సొంతదారును పట్టుకోవడం కష్టం. మీ విషయంలో ఏం కష్టం చెప్పండి? మూత మీద పేరు, ఊరు ఉన్నాయి. రిసెప్షన్‌లో ఆ గది పేరున ఫోన్ నంబరు, ఆధార్ జిరాక్స్ ఉంటాయి. ఇన్ని ఉండగా "ఎవరూ అడగలేదు" అంటే ఏ కోర్టూ ఒప్పుకోదు. పైగా పోయిన వస్తువు కోసం దావా వేయడానికి పరిమితి చట్టం మూడేళ్ల గడువిచ్చింది. ఆ మూడేళ్లు వస్తువు పోయిన రోజు నుంచి కాదు, అది ఎవరి దగ్గరుందో సొంతదారుకు తెలిసిన రోజు నుంచి మొదలవుతాయి.

సూపర్‌వైజర్ ఉంచుకోమన్నంత మాత్రాన అది మీదైపోదు. ఆయనది కానిదాన్ని ఆయనెలా ఇస్తాడు? ఇంకో చిక్కు కూడా ఉంది. గది లాడ్జీది, మీరు లాడ్జి పని మీద ఆ గదిలోకి వెళ్లారు. కాబట్టి గదిలో మరిచిపోయిన వస్తువు యజమాని స్వాధీనంలో ఉన్నట్టేనని వాదించవచ్చు. దాన్ని పనివాళ్లు దురుద్దేశంతో తీసుకున్నారని తేలితే 306వ సెక్షన్, అంటే ఉద్యోగి చేసిన దొంగతనం, ఏడేళ్ల వరకు జైలు. మీకు అంత దూరం వస్తుందని కాదు. రాతపూర్వకంగా ఏమీ లేకపోతే ఎదుటివాళ్లు ఎంత దూరం లాగగలరో తెలియాలని చెబుతున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక రూమ్ బాయ్ ఇలాగే నా దగ్గరికి వచ్చాడు. అతనికి దొరికింది వాచీ. మేనేజరు సెలవులో ఉంటే తన లాకర్లో పెట్టాడు. మూడో రోజు గెస్టు ఫోన్ చేశాడు, లాకర్లు వెతికారు, వాచీ బయటపడింది. ఇచ్చేద్దామనే ఉంచానని ఎంత మొత్తుకున్నా కాగితం ముక్క లేదు. దొరికిన రోజే ఆ సంగతి లిఫ్ట్ దగ్గర తోటి పనివాడితో అన్నాడు. ఆ ఒక్క మాటే అతన్ని కేసు నుంచి కాపాడింది. ఉద్యోగం మాత్రం పోయింది.

అందుకే రేపు డ్యూటీకి వెళ్లేటప్పుడు ఇంట్లోనే భరిణె ఫొటోలు తీయండి, మూత మూసి ఒకటి, తెరిచి ఒకటి. తోమి మెరుగు పెట్టకండి, లోపలి కుంకుమ తుడవకండి, ఫొటో బయటికి లాగకండి. భరిణెను సూపర్‌వైజర్ చేతికి కాకుండా నేరుగా మేనేజర్‌కు ఇవ్వండి. దాంతోపాటు ఒక తెల్లకాగితం ఇవ్వండి: "ఫలానా తేదీన, ఫలానా గదిలో, ఇన్ని గంటలకు తలగడ గలీబులో ఈ భరిణె దొరికింది. ఆ సమయానికి సూపర్‌వైజర్ లేనందున భద్రత కోసం ఇంటికి తీసుకువెళ్లాను. మర్నాడు ఆయనకు చెప్పాను. ఈ రోజు మీకు అప్పగిస్తున్నాను." ఇంటికి తెచ్చిన సంగతి దాచకండి. దాస్తే ఆ ఒక్క అబద్ధం పట్టుబడ్డాక మిగతా నిజాలేవీ నమ్మరు. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద మేనేజర్ సంతకం, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. దొరికిన వస్తువుల రిజిస్టర్ ఉంటే అందులోనూ రాయించండి. సంతకం పెట్టనంటే అదే కాగితం ఫొటో తీసి ఆయన వాట్సాప్‌కు పంపండి.

ఇంటికి తెచ్చినందుకు మేనేజర్ మందలించవచ్చు, పడండి. అసలు వస్తువు దొరికిన వెంటనే రిసెప్షన్‌కు చెప్పి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

మీరే రిజిస్టర్‌లో నంబరు చూసి వాళ్లకు ఫోన్ చేయాలనుకుంటారేమో, వద్దు. లాడ్జీవాళ్లు గెస్టుల ఇళ్లకు ఫోన్ చేయడానికి మామూలుగా వెనకాడతారు. ఎవరు ఎవరితో వచ్చి వెళ్లారో ఇంట్లోవాళ్లకు తెలియకపోవచ్చు మరి. మీ సూపర్‌వైజర్ మౌనానికి అదీ ఒక కారణం కావచ్చు. దర్శనానికి వచ్చిన పెద్దవాళ్ల విషయంలో ఆ భయం అక్కర్లేదు, మేనేజర్‌నే చేయమనండి. దొరికిన వస్తువు కోసం పడ్డ శ్రమకు పరిహారం ఇచ్చేదాకా దాన్ని అట్టే పెట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 168వ సెక్షన్‌లో ఉంది కానీ, జీతం మీద గది ఊడ్చేవాళ్లకు ఆ వాదన నిలవదు. వాళ్లంతట వాళ్లు సంతోషంగా ఏదైనా ఇస్తే మేనేజర్ ఎదుటే తీసుకోండి.

ఒక చిన్న జాగ్రత్త. మేనేజర్ ఫోన్ చేసినప్పుడు "మీ వెండి భరిణె, అందులో ఫొటో" అని తనే వర్ణించకూడదు. "గదిలో ఏమైనా మరిచిపోయారా?" అని మాత్రం అడగాలి. పేరు ఎవరిది, లోపల ఏముంది, ఆ ఫొటోలో ఉన్నది ఎవరు అన్నవన్నీ అవతలివాళ్ల నోటి నుంచే రావాలి.