గుడ్ మార్నింగ్‌కి బదులు రాకపోతే

ప్రశ్న: బీటెక్ చివరి ఏడాది చదువుతున్నాను. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌గా చేరి నెలైంది. రోజూ తొమ్మిదిన్నరకి నా సీటుకి వెళ్తూ, దారిలో కూర్చునే సీనియర్‌కి వెనక నుంచి ‘గుడ్ మార్నింగ్ సార్’ అంటాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటారు, ఒక్కసారీ పలకలేదు. ఎదురు సీటులో ఉండే టీమ్ లీడ్ పలకరిస్తే మాత్రం తలూపుతారు. నా కోడ్ చూసేది ఆయనే. నేనంటే చిన్నచూపా? ఇంటర్న్‌షిప్ అయ్యాక ఇదే కంపెనీ ఇచ్చే ఉద్యోగం, అదే పీపీఓ, పోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: టీమ్ లీడ్ ఆయనకు ఎదురుగా కనిపిస్తారు, మీరు వెనక నుంచి వెళ్లిపోతారు. చిన్నచూపు అనుకునే ముందు ఈ తేడా చూడండి. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లకు వెనక నుంచి వచ్చే మాట బాగా పల్చబడి చేరుతుంది. పాటలు మోగుతుంటే అదీ చేరదు. ‘గుడ్ మార్నింగ్ సార్’ అనడానికి పట్టేది ఒక్క క్షణం. కోడ్‌లో మునిగిన మనిషి అందులోంచి బయటికి వచ్చేలోపు మాటా అయిపోతుంది, మీరూ రెండు సీట్లు దాటిపోతారు. ఒక చెవి సరిగా వినబడని వాళ్లూ ఉంటారు. అటువైపు నుంచి పిలిస్తే, రద్దీ హాల్లో వాళ్లకి మాట అందకపోవచ్చు. చాలామంది ఆ సంగతి ఆఫీసులో చెప్పుకోరు.

ఇంకో చిక్కు ‘సార్’ అనే మాటలో ఉంది. ఆ ఫ్లోర్‌లో సార్లు ఎంతమందో! 1959లో నెవిల్ మోరే అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. ఒక చెవిలో వచ్చే మాటల మీదే ధ్యాస పెట్టమంటే, రెండో చెవిలో పదేపదే వినిపించిన మాటలు కూడా జనానికి గుర్తులేవు. తమ పేరు వినిపించినప్పుడు మాత్రం మూడింట ఒక వంతు మంది గమనించారు. పేరుకి ఆ బలం ఉంది. అయినా మిగతావాళ్లు పేరు కూడా గమనించలేదు కదా, అందుకే ఒక్కసారి పిలిచి తేల్చేసుకోవద్దు.

వచ్చే వారం ఇలా చేసి చూడండి. వెనక నుంచి పలకరించడం మానేసి, వీలైతే ఆయనకి ముఖం కనిపించే వైపు నుంచి రండి. నాలుగైదు అడుగుల దూరంలో ఆగి, చూపు స్క్రీన్ మీంచి లేచినప్పుడు పేరు పెట్టి, పక్కన ‘గారూ’ చేర్చి పిలవండి. ఒక్క క్షణం ఆగి, అప్పుడు గుడ్ మార్నింగ్ చెప్పండి. టైప్ చేస్తుంటే ఆ రోజుకి వదిలేయండి. కాఫీ మెషీన్ దగ్గర హెడ్‌ఫోన్స్ ఉండవు కాబట్టి అక్కడ ఇంకా సులువు. రోజుకి ఒక్కసారి చాలు. పదేపదే పలకరిస్తే అది పలకరింపులా ఉండదు, బదులు ఇవ్వమని అడుగుతున్నట్టు ఉంటుంది.

బదులు అంటే మాటే కానక్కర్లేదు. కనుబొమ్మలు లేవడం, గడ్డం కొద్దిగా ఊగడం, ‘ఊఁ’ అనడం కూడా బదులే. మన ఇళ్లలో పొద్దున్నే ఒకరికొకరు గుడ్ మార్నింగ్ చెప్పుకునే అలవాటు ఎందరికి ఉంది? ‘లేచావా, టిఫిన్ అయిందా’ అనేదే మనకి పలకరింపు. ఆయన ఆ తీరు మనిషి కావచ్చు. జనంతో మాట కలపడమే భారంగా ఉండే మనిషీ కావచ్చు. కారణం ఆరా తీయకండి. ‘ఆయనకి నా మీద కోపమా’ అని క్యాంటీన్‌లో అడిగితే, సాయంత్రానికి ఆ మాట ఇంకో రూపంలో ఆయన చెవిన పడుతుంది.

ఆయన్ని నేరుగా అడగదగ్గ ప్రశ్న ఒక్కటే: “డౌట్ వస్తే మీ దగ్గరికి రమ్మంటారా, మెసేజ్ పెట్టమంటారా?” మెసేజ్ అంటే, ఉత్త ‘హాయ్’ పెట్టి ఎదురుచూడకండి. “లాగిన్ పేజీ టెస్ట్ నిన్నటి మార్పు తర్వాత ఫెయిల్ అవుతోంది. లాగ్ జత చేశాను. మూడింటికి పది నిమిషాలు వీలవుతుందా?” అని ఒకేసారి రాయండి. దీనికి జవాబు వస్తూ, మీ కోడ్ మీద ఆయన కామెంట్లు వివరంగా ఉంటే మీ పని ఆయన పట్టించుకుంటున్నట్టే. అయినా పలకరింపుకి బదులు రాకపోతే, ఎదురుపడినప్పుడు తలూపి వెళ్లిపోండి.

వేరే గుర్తులు కనిపిస్తే మాత్రం విషయం మారుతుంది. మిగతా ఇంటర్న్‌ల కోడ్ రెండు రోజుల్లో చూసి మీది వారం ఆపడం, మీ ప్రశ్నలు ఒక్కటే వదిలేయడం, మీరుండాల్సిన మీటింగ్‌కి పిలవకపోవడం పనికి అడ్డు. రెండు వారాలు తేదీలతో రాసుకుని మీ మెంటర్‌కి చూపించండి. “ఈ రివ్యూ పదో తేదీ నుంచి ఆగింది, ఎలా ముందుకెళ్లమంటారు?” అని అడగండి. అందులో గుడ్ మార్నింగ్ ఊసు తేవద్దు, తెస్తే చర్చ దానిమీదికే పోయి రివ్యూ అక్కడే ఉండిపోతుంది. పీపీఓకి ఏమేం చూస్తారో, మీరు ఎక్కడున్నారో కూడా అప్పుడే మెంటర్‌ని అడిగేయండి.