తలచుకోవడమా, పలకడమా?

ప్రశ్న: జపాన్ బౌద్ధం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో 'నెంబుత్సు' అన్న మాటకు 'బుద్ధ ధ్యానం' అని రాశాను. మా అన్నయ్య 'బుద్ధ నామజపం' అనాలంటున్నారు. ఏది సరైనది? 'నెంబుత్సు సాధన' అనవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, ముందు 'ధ్యానం' కొట్టేయండి. సంస్కృత ధ్యానమే చైనా వెళ్లి 'చాన్' అయింది, జపాన్ చేరి 'జెన్' అయింది. కాళ్లు మడిచి, వెన్ను నిలిపి, గంటల తరబడి కూర్చునే వారి సంప్రదాయం పేరే అది. నెంబుత్సు వారి దారి వేరు. 'బుద్ధ ధ్యానం' అని రాస్తే పాఠకుణ్ణి ఒకరి ఇంటికి బయలుదేరదీసి, పొరుగువారి గుమ్మం ముందు దించినట్టే. ఈ మధ్య పత్రికల్లో కళ్లు మూసుకుని చేసే ప్రతి పనినీ ధ్యానమంటున్నారు. జపమూ ధ్యానమే, ప్రార్థనా ధ్యానమే, ఊపిరి లెక్కపెట్టుకోవడమూ ధ్యానమే. ఇన్ని పనులకు ఇన్ని మాటలున్న భాషలో ఈ పొదుపు ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక నెంబుత్సు. 'నెన్', 'బుత్సు' అనే రెండు ముక్కలు కలిసి ఈ మాట అయింది. బుత్సు అంటే బుద్ధుడు. చిక్కంతా నెన్‌లో ఉంది. ఇది చైనా మాట 'నియెన్'కు జపాన్ ఉచ్చారణ. మన 'స్మృతి', 'అనుస్మృతి' అనే మాటలకు అనువాదకులు ఎంచుకున్నది దీన్నే. కాబట్టి మూలంలో నెంబుత్సు అంటే బుద్ధానుస్మృతి: బుద్ధుణ్ణి మనసులో నిలుపుకోవడం. (ధర్మశాస్త్రాలను స్మృతులనడం వేరే సంగతి.) అయితే చైనా భాషలో నియెన్‌కు 'బిగ్గరగా చదవడం' అనే అర్థం కూడా ఉంది. బడిపిల్లవాడు పాఠం పైకి చదివినా అది నియెన్ చేయడమే. తలపూ పలుకూ ఒకే మాటలో ఇమిడిపోయాయి.

ఇది వింత కాదు. మనకూ ఉంది. గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని చూసి 'ఇప్పుడే నిన్ను తలచుకున్నాం, నూరేళ్లు ఆయుష్షు' అంటాం. అక్కడ తలచుకోవడమంటే ఆయన గురించి పైకి మాట్లాడుకోవడమే. 'అనుకొను' అన్న క్రియ ఇంకా ముచ్చటైనది. 'అను' అంటే పలుకు. దానికి 'కొను' చేరగానే ఆలోచన అయింది. తెలుగువాడికి తలపు అంటే తనతో తాను పలకడం. చైనా మాట తలపు నుంచి పలుకుకు నడిచింది, మన మాట పలుకు నుంచి తలపుకు నడిచింది. నామస్మరణ అన్న మాటా అంతే. స్మరణ మనసు పనే అయినా, నామస్మరణ చేస్తున్నారంటే వీధి చివరికి వినిపిస్తుంది.

ఈ రెండర్థాల మాట మీద ఒక మతశాఖే నిలబడిందని చెబితే నమ్ముతారా? సుఖావతీవ్యూహమనే బౌద్ధ సూత్రంలో ధర్మాకరుడనే భిక్షువు బుద్ధత్వం పొందబోయే ముందు ప్రతిజ్ఞలు చేస్తాడు. ఆయనే తరువాత అమితాభుడనే బుద్ధుడు. అమితాయువన్నా, జపాన్ వారి అమిదా అన్నా ఆయనే. చైనా అనువాదంలో ఉన్న 48 ప్రతిజ్ఞల్లో 18వది ముఖ్యం: నా మీద నమ్మకంతో, నా బుద్ధక్షేత్రమైన సుఖావతిలో పుట్టాలని కోరి, పది నియెన్‌లు మాత్రమే చేసినవారు సైతం అక్కడ పుట్టకపోతే నాకు బుద్ధత్వం వద్దు. సంస్కృత ప్రతిలో ఈ పదికి సంబంధించిన మాట 'చిత్తోత్పాదం', అంటే మనసులో పుట్టిన తలపు. నోటి ప్రసక్తి లేదు. ఏడో శతాబ్దంలో చైనా ఆచార్యుడు షాన్‌తావ్ ఈ ప్రతిజ్ఞను తన మాటల్లో తిరిగి చెబుతూ, 'పది నియెన్‌లు' ఉన్నచోట 'నా పేరును పది సార్లు పలికినా' అన్నాడు. ఒక్క మాట మారింది, దారే మారిపోయింది.

జపాన్‌లో మాత్రం ఆ తరువాత కూడా చాలాకాలం నెంబుత్సు అంటే ఎక్కువగా మనోదర్శనమే. 985లో గెన్షిన్ అనే భిక్షువు రాసిన గ్రంథం చూడండి. అమితాభుడి పద్మపీఠంతో మొదలుపెట్టి ఒక్కొక్క లక్షణాన్నీ మనసులో చిత్రించుకోవాలి. అది చేతకానివారు కనుబొమల నడుమ ఉన్న ఊర్ణను, అంటే తెల్లని వెంట్రుకల సుడిని, మనసులో చూడాలి. అదీ కుదరనివారికి పేరు పలకడం. అంటే పలుకు చివరి మెట్టు. ఆ చివరి మెట్టునే గుడిగా చేసినవాడు హోనెన్ అనే జపాన్ భిక్షువు. 1175లో షాన్‌తావ్ వ్యాఖ్య చదివి, మిగిలిన అభ్యాసాలన్నీ పక్కనపెట్టి నామాన్నే పట్టుకున్నాడు. 1198 నాటి తన గ్రంథంలో ఈ శీర్షికలో రావలసిన ప్రశ్ననే వేసుకున్నాడు: సూత్రం పది నియెన్‌లంటే షాన్‌తావ్ పది పలుకులంటాడేమి? ఆయన సమాధానం: నియెన్, పలుకు ఒకటే.

ఆయన చూపిన ఆధారం అమితాయుర్ధ్యాన సూత్రంలోని మరణశయ్య ఘట్టం. దీని సంస్కృత మూలం దొరకలేదు, ఈ పేరు కూడా తరువాతివారు కూర్చిందే. మహాపాపాలు చేసినవాడొకడు చావుబాధలో ఉంటాడు. మంచి మిత్రుడు బుద్ధుణ్ణి తలచుకోమంటాడు. బాధలో వాడికి మనసు నిలవదు. 'తలచుకోలేకపోతే పేరైనా పలుకు' అంటాడు మిత్రుడు. వాడు గొంతు ఆగకుండా, 'పది నియెన్‌లు నిండేలా' నమో అమితాయుర్బుద్ధాయ అంటాడు. గొంతు ఆగకపోవడం, నియెన్‌లు నిండడం ఒకే వాక్యంలో ఉన్నాయి కనుక రెండూ ఒకటేనని హోనెన్ వాదం. నా అభ్యంతరం ఒకటుంది. అంతకు ముందు వాక్యంలోనే 'తలచుకోలేకపోతే పలుకు' అని రెండింటినీ విడదీశారు కదా! అయినా ఆ ఘట్టం మొత్తం చదివితే హోనెన్ పక్షాన మొగ్గుతాను. మనసు నిలబెట్టగలిగినవాడికి మరో దారి అక్కర్లేదు. ఆ శక్తి లేనివాడి కోసమే ఆ ఘట్టం వచ్చింది.

ధ్యానానికీ దీనికీ తేడా అక్కడే ఉంది. ధ్యానంలో పని జరగాల్సింది నీ మనసులో. మనసు చెదిరితే పని చెడింది. నామంలో పని అమితాభుడి ప్రతిజ్ఞది. నాగార్జునుడిదని చెప్పే ఒక వ్యాఖ్యలో ఉపమానం ఉంది: ఒకరు నేల మీద కాలినడకన కష్టపడి పోతారు, మరొకరు పడవెక్కి నీటి మీద హాయిగా పోతారు. ఆ కర్తృత్వం మీద పండితులకు సందేహాలున్నాయి. కృష్ణా తీరంతో ముడిపడిన పేరు కనుక ఆ పడవ నాకు మరీ దగ్గరగా తోస్తుంది. పడవలో కూర్చున్నవాడు గట్టిగా కూర్చున్నంత మాత్రాన పడవ వేగం పెరగదు.

అందుకే 'సాధన' అన్న మాటతో జాగ్రత్త. హోనెన్ శిష్యుడు షిన్రాన్, నెంబుత్సు చేసేవాడికి అది అభ్యాసమూ కాదు, పుణ్యకార్యమూ కాదన్నాడు. నమ్మకం కూడా అమితాభుడు ఇచ్చినదే, నీ పట్టుదలతో పుట్టింది కాదంటాడు. 'నామజపం' పూర్తిగా తప్పనను. హోనెన్ రోజుకు 60,000 సార్లు పలికేవాడని చెబుతారు. కానీ తెలుగులో జపం అనగానే ఉపదేశం, నియమం, సంఖ్య, ఫలం వెంట వస్తాయి. షిన్రాన్‌కు అవేవీ పనికిరావు. గెన్షిన్ దగ్గర 'బుద్ధానుస్మృతి', హోనెన్ దగ్గర 'బుద్ధ నామస్మరణ' అంటే చాలావరకు న్యాయం జరుగుతుందని నా అభిప్రాయం. మొదటిసారి నెంబుత్సు అనే రాసి, పక్కన వివరణ ఇస్తే ఇంకా మంచిది.

1212లో, చనిపోవడానికి రెండు రోజుల ముందు హోనెన్ ఒక్క పుటలో తన మాట రాసి ఇచ్చాడు. తాను చెప్పేది జ్ఞానులు చేసే మనోదర్శనం కాదు, 'నెన్' అన్న మాటకు అర్థం చదువుకుని తెలుసుకున్నాక పలికేదీ కాదు, సందేహించకుండా నము అమిదా బుత్సు అనడమే అన్నాడు. మీ వ్యాసంలో ఆ పుట ప్రస్తావన ఉంటే, అక్కడ మాత్రం స్మరణ కూడా వద్దు, 'పలకడం' అనే రాయండి.