పసివాడి ఎంగిలి, పక్కగదిలో పిల్లి, ఫ్రిజ్‌లో ఆదివారం కూర

మొన్న సెలవులకు విశాఖపట్నం వెళ్ళినప్పుడు, ఎంవీపీ కాలనీలో మా అమ్మ ఉండే అపార్ట్‌మెంట్ పై అంతస్తు అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. రెండో కాన్పు, పదకొండో వారం నడుస్తోంది. భర్త నెల క్రితమే న్యూజెర్సీ వెళ్ళి ఉద్యోగంలో చేరాడు. మూడు వారాల్లో ఈమె రెండేళ్ళ కొడుకును తీసుకుని బయలుదేరుతోంది. మొదట్లో కొన్నాళ్ళు భర్త స్నేహితుడి ఇంట్లో ఉండాలి, ఆ ఇంట్లో పిల్లి ఉంది. “పిన్నీ, పిల్లి ఉన్న ఇంట్లో ఉండవచ్చా? అక్కడ చీజ్ ముట్టుకోకూడదంటున్నారు, నిజమేనా?” అని అడుగుతూనే, ఒడిలో కూర్చున్న పిల్లవాడు నమిలి ఉమ్మేసిన ఇడ్లీ ముక్కను తీసి తన నోట్లో వేసుకుంది.

నేను పిల్లి సంగతి పక్కన పెట్టి ఆ ఇడ్లీ ముక్కతోనే మొదలుపెట్టాను. నా రెండో కాన్పు అమెరికాలోనే అయింది. అప్పుడు ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితంలో పిల్లి ఉంది, చీజ్ ఉంది. ఇంట్లో చొంగ కార్చుకుంటూ తిరిగే మా పెద్దవాడి గురించి ఒక్క మాట లేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

సైటోమెగాలోవైరస్, పొట్టిగా సీఎంవీ, పసిపిల్లల లాలాజలంలోనూ మూత్రంలోనూ ఉంటుంది. ఒకసారి సోకాక పిల్లవాడు ఆరోగ్యంగా ఆడుకుంటూనే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి దాన్ని బయటకు వదులుతుంటాడు. జ్వరం ఉండదు, దగ్గు ఉండదు, కనుక్కునే దారే లేదు. డేకేర్‌లో ఒకరు నోట్లో పెట్టుకున్న బొమ్మను ఇంకొకరు పెట్టుకుంటారు కాబట్టి అక్కడ సులువుగా వ్యాపిస్తుంది. తల్లికి సోకినా తెలియకపోవచ్చు. కడుపులో బిడ్డకు చేరితే మాత్రం వినికిడి పోవచ్చు, మెదడు ఎదుగుదల దెబ్బతినవచ్చు. మొదటి మూడు నెలల్లో సోకితే హాని ఎక్కువ. అమెరికాలో సుమారు 200 మంది పిల్లల్లో ఒకరు ఈ వైరస్‌తో పుడుతున్నారు, వారిలో అయిదుగురికి ఒకరి చొప్పున శాశ్వతమైన ఇబ్బంది మిగులుతోంది.

“ఇక్కడే రక్తపరీక్ష చేయించుకుని వెళ్ళనా?” అని అడిగింది. మన దేశంలో చాలామందికి ఇది చిన్నతనంలోనే సోకి ఉంటుంది. అందుకే, ఎప్పుడైనా సోకిందా అని చూసే ఐజీజీ పరీక్షలో ఉందని రావడమే ఎక్కువ. అలా వస్తే బిడ్డకు చేరే అవకాశం బాగా తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పాత వైరస్ మళ్ళీ మేల్కోవచ్చు, లేదా వేరే రకం కొత్తగా సోకవచ్చు. ఇక ఈమధ్య సోకిందా అని చూసే ఐజీఎం ఒక్కటే చూసి కంగారుపడకూడదు, అది పొరపాటుగా కూడా ఉందని చూపిస్తుంది. అప్పుడు అవిడిటీ అనే మరో పరీక్ష చేస్తారు. అది తక్కువగా ఉంటే ఇటీవలే సోకిందని అర్థం. ఏ ఫలితం వచ్చినా ఇంట్లో పాటించవలసిన జాగ్రత్తలు అవే.

ఆ జాగ్రత్తలన్నీ మనకు తెలిసిన ఒక్క మాటలో ఇమిడిపోతాయి: ఎంగిలి. పెద్దవాళ్ళ ఎంగిలికి ఎంత పట్టింపు ఉన్నా, పసివాళ్ళ ఎంగిలిని మన ఇళ్ళలో ఎంగిలిగా లెక్కపెట్టరు. ఆ పట్టింపును ఈ తొమ్మిది నెలలూ పసివాడికి కూడా వర్తింపజేయాలి.

ఆ మధ్యాహ్నం పప్పన్నం తినిపిస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. ఒకే పళ్ళెంలో కలిపి, వాడికో ముద్ద, తనకో ముద్ద. వేళ్ళు వాడి పెదాలకు తగిలి, తిరిగి తన నోటికి వెళుతున్నాయి. మూతికి కారింది కొంగుతో తుడిచి, అదే కొంగుతో తన మూతి తుడుచుకుంది. చివర్లో వాడు వదిలేసిన అన్నం పారేయలేక తినేసింది. రాత్రి భోజనానికి మార్చాం. ముందు వాడికి వేరే పళ్ళెంలో తినిపించడం, మూతి తుడవడానికి విడిగా చిన్న గుడ్డ, తర్వాత సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కుని తన భోజనం తాను చేయడం. మిగిలిన అన్నం ఆమె అత్తగారు తిన్నారు, ఆవిడకు ఇబ్బంది లేదు. డైపర్ మార్చాక, ముక్కు తుడిచాక, వాడు నోట్లో పెట్టుకున్న బొమ్మలు తీశాక కూడా ఇలాగే చేతులు కడగాలి. గ్లాసు, చెంచా, స్ట్రా, టూత్‌బ్రష్ కలవకూడదు. ముద్దు పెదాల మీద కాకుండా నుదుటి మీదో తల మీదో పెట్టాలి. ఎత్తుకోవడం, పక్కలో పడుకోబెట్టుకోవడం మానవలసిన పని లేదు. ఆ మాట చెప్పగానే ఆ అమ్మాయి కళ్ళు చెమర్చాయి, అంతవరకు వాడిని దూరం పెట్టమంటానేమోనని భయపడిందట.

పిల్లి దగ్గరికి వద్దాం. భయం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. అది పిల్లి మలంలో వస్తుంది, పైగా బయటపడిన వెంటనే సోకే స్థితిలో ఉండదు. అందుకు ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. కాబట్టి మలం ఉండే ఇసుక డబ్బాను స్నేహితుడో భర్తో రోజూ శుభ్రం చేస్తే ఆ ఇంట్లో ఉండవచ్చు. ఆమె మాత్రం దాన్ని ముట్టుకోకూడదు. పిల్లిని బయట తిరగనివ్వకూడదు, పచ్చి మాంసం పెట్టకూడదు. నిమిరితే చేతులు కడుక్కుంటే చాలు. నిజానికి సరిగా ఉడకని మాంసం, మట్టి కూడా ఇంతే ముఖ్యం. మన కుక్కర్‌లో ఉడికిన మటన్ కూరతో చిక్కు లేదు, లోపల ఎర్రగా ఉంచి వడ్డించే హోటల్ మాంసంతోనే ఉంది. పెరట్లో గోంగూర పాదులు తవ్వేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవాలి, ఆకుకూరలు బాగా కడగాలి.

చీజ్ మీద అనుమానం లిస్టీరియా అనే బ్యాక్టీరియా వల్ల. మిగతా సూక్ష్మజీవుల్లో చాలావరకు చలికి నెమ్మదిస్తాయి, ఇది మాత్రం ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది. పాశ్చరైజ్ చేయని పాలతో చేసిన మెత్తటి చీజ్ వద్దు. పచ్చి మొలకలు, చల్లగా ఇచ్చే మాంసం ముక్కలు వద్దు. తినాలనుకుంటే పొగలు వచ్చేలా వేడిచేయాలి. అయితే కొత్తగా వచ్చిన మనవాళ్ళలో నేను ఎక్కువగా చూసేది వేరు. ఆదివారం వండిన కూరలు శనివారం దాకా ఫ్రిజ్‌లోంచి తీసుకుని తింటారు. మూడు నాలుగు రోజులకు మించి ఉంచకూడదు, ప్రతిసారీ మొత్తం పొగలు కక్కేలా వేడిచేయాలి. ఫ్రిజ్ 4 డిగ్రీలు దాటకూడదు. అక్కడ అది 40 ఫారెన్‌హీట్ అని కనిపిస్తుంది.

లిస్టీరియా సోకిన కొన్ని వారాల తర్వాత కూడా జ్వరం రావచ్చు. చూడటానికి మామూలు ఫ్లూలా ఉంటుంది, ఒళ్ళునొప్పులు ఉంటాయి. కారణం తెలియని జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని ఊరుకోకుండా, ఏమేం తిన్నారో చెప్పి రక్తం కల్చర్ చేయించమని అడగాలి. యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్‌తో చికిత్స ఉంది, త్వరగా మొదలుపెడితే బిడ్డను కాపాడవచ్చు.

కాన్పయ్యాక సీఎంవీ గురించి ఇంకొక పని ఉంది. పుట్టిన బిడ్డ మొదటి వినికిడి పరీక్షలో తప్పితే, చెవిలో నీరు ఉందేమో తర్వాత చూద్దామని వాయిదా వేయనివ్వకూడదు. బిడ్డ లాలాజలానికో మూత్రానికో సీఎంవీ పరీక్ష 21 రోజుల లోపే చేయించాలి. ఆ గడువు దాటితే వైరస్ కడుపులో సోకిందో, పుట్టాక సోకిందో తేల్చడం చాలా కష్టం. లాలాజలంలో ఉందని వస్తే మూత్రంతో నిర్ధారించుకుంటారు, ఎందుకంటే తల్లిపాలలోని వైరస్ కూడా ఆ పరీక్షలో కనిపించవచ్చు. ఆ అమ్మాయి ఈ 21 అనే అంకెను తన ఫైలు అట్ట మీద నా ముందే రాసుకుంది.